‘త్వరపడండి’ అనకుండా డిస్కౌంట్ గడువు చెప్పడం ఎలా?

ప్రశ్న: ఫొటో ఎడిటింగ్ మీద నా ఆన్‌లైన్ కోర్సుకి అయిదు రోజులు 25 శాతం డిస్కౌంట్ పెడుతున్నా. ‘కొన్ని సీట్లే మిగిలాయి, త్వరపడండి’ అని రాయడం ఇష్టం లేదు, అది అబద్ధం కాబట్టి. అలాగని మామూలుగా చెబితే ఎవరూ పట్టించుకోరని భయం. ఏం రాయాలి? టైమర్ పెట్టాలా?

జవాబు:

చిన్న చిన్న ఆన్‌లైన్ అమ్మకందారులకి ఆఫర్ మెయిళ్లు, పేజీలు రాసిపెట్టడం నా పని. మీలాగే చాలామంది ఏం రాయాలన్న దగ్గరే మొదలుపెడతారు. నేనైతే ముందు రెండు విషయాలు అడుగుతాను. ఈ తగ్గింపు ఆ రోజే ఎందుకు ఆగుతుంది? ఆగిన మరుక్షణం పేజీలో ఏం మారుతుంది? ఈ రెండింటికీ జవాబు ఉంటే రాయడం పది నిమిషాల పని. లేకపోతే ఎంత బాగా రాసినా చదివేవాళ్లకి అనుమానం వస్తుంది.

మొదటి ప్రశ్నకి పెద్ద కారణమే ఉండాలని లేదు. ఉదాహరణకి, మీరు విద్యార్థుల అసైన్‌మెంట్లు దిద్దిపెడుతుంటే, కొత్త బ్యాచ్ అసైన్‌మెంట్లు 18వ తేదీన మొదలవుతాయనుకోండి. బుధవారం మొదలుపెట్టిన తగ్గింపుని 15, ఆదివారం ఆపేస్తే చేరినవాళ్లకి మొదటి పాఠాలు చూసుకోవడానికి రెండు రోజులు దొరుకుతాయి. ఇది నిజమైన కారణం, ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. ఏ కారణమూ లేకపోతే ‘ఈ అయిదు రోజులు తగ్గించి ఇస్తున్నాం, తర్వాత మామూలు ధరే’ అనండి, చాలు. మీరే ఎంచుకున్న తేదీ కూడా నిజమైన గడువే, దాన్ని మీరు పాటిస్తే. లేని కారణం అల్లడం మాత్రం వద్దు. ‘సర్వర్ సామర్థ్యం సరిపోక’ అంటూ రికార్డు చేసిన వీడియో కోర్సు అమ్మినవాళ్లని చూశాను. చదివినవాళ్లు నవ్వుకున్నారు.

మీది డిజిటల్ కోర్సు కాబట్టి ‘కొన్ని సీట్లే’ అన్న మాటకి చోటు లేదు. ఒకే ఒక్క సందర్భంలో పనికొస్తుంది: మీరు నిజంగా 40 మంది అసైన్‌మెంట్లకి మించి దిద్దలేకపోతే. అప్పుడు కూడా ‘కొన్ని’ అనకుండా 40 అనే చెప్పండి. పేజీలో మిగిలిన సంఖ్య చూపిస్తే అది డబ్బు కట్టిన ఆర్డర్ల నుంచే రావాలి, ఎవరైనా డబ్బు వెనక్కి తీసుకుంటే మళ్లీ పెరగాలి కూడా. తేదీ, సంఖ్య రెండూ పెడితే ‘15వ తేదీ వరకు, లేదా 40 మంది చేరేవరకు, ఏది ముందైతే అది’ అని మెయిల్ మొదట్లోనే ఉండాలి. శనివారం వచ్చినవాడికి ‘అయిపోయాయి’ అని అప్పుడే తెలిస్తే కోపం రాదా మరి?

ఇక టైమర్ సంగతి. గడియారం తప్పు కాదు, దేన్ని లెక్కపెడుతోందన్నదే అసలు సంగతి. ఒక రకం టైమర్ అందరికీ ఒకే తేదీ, ఒకే నిమిషం వైపు నడుస్తుంది. ఇంకో రకం, పేజీ తెరిచినవాళ్లకల్లా కొత్తగా ‘ఇంకా 20 నిమిషాలు’ అని మొదలుపెడుతుంది. బ్రౌజర్‌లో ఒక కుకీ పెట్టి అక్కడి నుంచి లెక్క కడుతుంది, కుకీ పోతే మళ్లీ మొదటికి. దీన్ని ఎవర్‌గ్రీన్ టైమర్ అంటారు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఇదే వాడేవారు. ఒకావిడ తన ఫోన్‌నీ, భర్త ఫోన్‌నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపింది. రెండింటిలో రెండు వేర్వేరు సమయాలు. ‘ఏది నిజం?’ అని ఒక్క మాటే అడిగింది. దానికి ఇవ్వగలిగిన జవాబు మా దగ్గర లేదు. మీ పేజీని పరీక్షించాలంటే ఇదే పని చేయండి: మామూలు విండోలో ఒకసారి, ప్రైవేట్ విండోలో ఒకసారి తెరవండి. అంకెలు తేడాగా ఉంటే ఆ టైమర్ తీసేయండి.

ఇది మర్యాదకి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కొనేవాళ్లని మభ్యపెట్టే పేజీ ఎత్తుగడల్ని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. భారతదేశంలో 2023లో వాటిమీద వచ్చిన మార్గదర్శకాల్లో మొదట పేర్కొన్నదే ఈ తప్పుడు తొందర. యూరప్‌లో అయితే, ఫలానా వస్తువు కాసేపే దొరుకుతుందని అబద్ధం చెప్పి ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేయడాన్ని 2005 నాటి ఆదేశమే నిషేధించింది.

పేజీలో నిజమైన టైమర్ పెట్టుకుంటే పెట్టుకోండి, మెయిల్‌లో మాత్రం వద్దంటాను. మెయిల్‌లో కదిలే గడియారం నిజానికి ఒక బొమ్మ, తెరిచినప్పుడు సర్వర్ నుంచి వస్తుంది. ఆపిల్ మెయిల్‌లో 2021 నుంచి ఉన్న ప్రైవసీ ఏర్పాటు ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ తెరవకముందే బొమ్మలు డౌన్‌లోడ్ అయిపోవచ్చు. అంటే ఆదివారం చూసేవాళ్లకి బుధవారం నాటి ‘4 రోజులు మిగిలాయి’ కనబడొచ్చు. మీరు నిజాయితీగానే పెట్టినా అబద్ధమే చేరుతుంది. అక్షరాల్లో రాసిన తేదీకి ఈ గొడవ లేదు.

ఆ తేదీని కూడా పూర్తిగా రాయాలి: వారం, తేదీ, గంట, ఏ దేశపు కాలమానమో. ‘15 అర్ధరాత్రి వరకు’ అంటే 14 రాత్రి దాటగానే ఆగిపోతుందా, 15 రాత్రి దాకా ఉంటుందా అని సగం మందికి సందేహం. ‘ఆదివారం, 15వ తేదీ రాత్రి 11:59’ అంటే గొడవ తీరిపోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు మీ దగ్గర చేరుతుంటే కాలమానం పేరు తప్పనిసరి.

మాటతో పాటు సాఫ్ట్‌వేర్ కూడా అదే చెప్పాలి. ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. వర్డ్‌ప్రెస్ సైట్‌లో అమ్మకాలు నడిపే వూకామర్స్ వాడుతుంటే, కూపన్‌కి పెట్టే గడువు తేదీ ఆ రోజు 00:00:00కే పనిచేయడం మానేస్తుంది. 15 అని పెడితే 14 రాత్రితోనే ఆగిపోతుందన్నమాట. ఆదివారం పొద్దున్నుంచీ ‘కూపన్ చెల్లదంటోంది’ అని మెయిళ్లు వస్తాయి, చివరిరోజు అమ్మకమంతా పోతుంది. 15 రాత్రి దాకా ఉండాలంటే 16 అని పెట్టాలి. సైట్ సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కూడా సరిచూసుకోండి. వేరే వేదికల్లో నియమం వేరుగా ఉండొచ్చు కాబట్టి, ముందే ఒక పరీక్ష కూపన్ చేసి అది ఎప్పుడు ఆగుతుందో చూసుకోవడం మంచిది.

ఇంకో సంగతి, 25 శాతం దేనిమీద? మొన్నటిదాకా మీరు నిజంగా అమ్మిన ధరమీద కావాలి. వారం ముందు ధర పెంచి తర్వాత తగ్గిస్తే అది తగ్గింపు కాదు. పాత ధర చూపించేటప్పుడు కనీసం గత 30 రోజుల్లోని అతి తక్కువ ధరనే చూపించాలని యూరప్‌లో నియమం ఉంది. మీకు వర్తించకపోయినా మంచి కొలమానం.

మీరు అడిగినదానికి నేనైతే ఇలా రాస్తాను:

“సబ్జెక్ట్: ఫొటో ఎడిటింగ్ కోర్సుపై 25 శాతం తగ్గింపు, ఆదివారం రాత్రి 11:59 వరకు

నమస్తే. ఈరోజు నుంచి ఆదివారం, 15వ తేదీ రాత్రి 11:59 వరకు (భారత కాలమానం) కోర్సు ధర 25 శాతం తక్కువ. 16 నుంచి మళ్లీ మామూలు ధరే.

ఆదివారంతో ఎందుకు ఆపుతున్నామంటే, కొత్త బ్యాచ్ అసైన్‌మెంట్లు 18న మొదలవుతాయి. అప్పటికి మీరు మొదటి మూడు పాఠాలు చూసి ఉండాలి.

వీడియోలు అయిపోయేవి కావు, సీట్ల పరిమితి లేదు. ఇలాంటి తగ్గింపు ఏడాదిలో మరోసారి పెట్టే అవకాశం ఉంది. ఇప్పుడు వీలుకాకపోతే తొందరేం లేదు. ఫోన్‌లో మాత్రమే ఎడిటింగ్ చేసేవాళ్లకి ఈ కోర్సు సరిపడదు.”

‘మళ్లీ పెట్టే అవకాశం ఉంది’ అన్న వాక్యం చూసి చాలామంది అమ్మకందారులు గాభరా పడతారు. తీసేయమంటారు. మళ్లీ పెట్టే ఆలోచన మీకు ఉంటే తీయకండి. కనీసం ‘చివరి అవకాశం’ అన్న మాటైనా రాయకండి. ఈ పద్ధతిలో ఆ వారం అమ్మకాలు కాస్త తగ్గొచ్చు, అది ముందే చెబుతున్నా. టైమర్ చూసి కంగారులో కొనేవాళ్లు మీకు రారు. కానీ నేను చూసినంతలో ‘డబ్బు వెనక్కి ఇవ్వండి’ అని వచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం వాళ్లవే.

మూడు మెయిళ్లు చాలు. మొదటిది బుధవారం, పైన రాసినదే. రెండోది శుక్రవారం, డిస్కౌంట్ గురించి ఒక్క వాక్యమే, మిగతాదంతా ఒక పాఠంలోంచి పనికొచ్చే ముక్క. మూడోది ఆదివారం పొద్దున, ‘ఈ రాత్రి 11:59కి ముగుస్తుంది’ అని రెండే వాక్యాలు. అది కంగారు పెట్టడం కాదు, గుర్తుచేయడమే. నాకు కనబడిన ఆర్డర్లలో ఎప్పుడూ మొదటి రోజు, చివరి రోజే ఎక్కువ, మధ్యలో అడపాదడపా. అందుకే గురువారం అమ్మకాలు పడిపోయాయని టెన్షన్ పడి కొత్తగా ఏదో అరుపు మెయిల్ పంపకండి. అప్పటికే కొన్నవాళ్లని జాబితాలోంచి తీసేయడం మాత్రం మర్చిపోవద్దు. అంతకుముందు రెండు వారాల్లో పూర్తి ధరకి కొన్నవాళ్లకి, వాళ్లు అడగకముందే తేడా తిరిగి ఇచ్చేయండి. ఖర్చు కొంచెమే.

‘విశేష స్పందన వల్ల గడువు పొడిగించాం’ అన్నది నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే వాక్యం. ఆదివారానికి కట్టుబడి కష్టపడి కొన్నవాళ్లందరినీ వెర్రివాళ్లని చేస్తుంది. వచ్చేసారి మీ గడువుని ఎవరూ నమ్మరు, సోమవారం దాకా ఆగి చూస్తారు. పొడిగించాల్సిన సందర్భం ఒకటే: పేమెంట్ గేట్‌వే ఆగిపోవడం లాంటిది. ఆదివారం సాయంత్రం మూడు గంటలపాటు చెల్లింపులు జరగలేదంటే, అందరికీ తెలిసేలా కారణం చెప్పి సోమవారం ఒక మూడు నాలుగు గంటలు ఇవ్వండి, అంతే.

గడువు దాటాక ‘ఒక్క గంట ఆలస్యమైంది’ అనేవాళ్లు తప్పకుండా వస్తారు. అప్పటికప్పుడు మనిషిని బట్టి ఆలోచిస్తే దబాయించినవాడికి ఇస్తారు, మర్యాదగా అడిగినవాడికి ఇవ్వరు. కాబట్టి ముందే రాసి పెట్టుకోండి: గడువులోపల చెల్లింపు ప్రయత్నించి విఫలమైనట్టు ఆర్డర్ జాబితాలో కనబడితే ఇస్తాం, లేకపోతే లేదు. లేదని చెప్పేటప్పుడు ఇలా రాయొచ్చు: ‘క్షమించండి, తగ్గింపు నిన్న రాత్రితో ముగిసింది. గడువులోపు కొన్నవాళ్లకి అన్యాయం కాకూడదని ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాం. మళ్లీ పెట్టినప్పుడు మీకు ముందుగా తెలియజేయమంటారా?’ ఎక్కువమంది సరే అంటారు.