నవంబరు నుంచి ఆయన ఫోన్లు తగ్గాయి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. డాలస్‌లో ఉండే అబ్బాయితో ఆగస్టులో సంబంధం మాటలు మొదలయ్యాయి. మొదట్లో రోజూ పొద్దున ఎనిమిదింటికి మాట్లాడుకునేవాళ్లం. నవంబరు నుంచి చాలాసార్లు ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే జవాబు మర్నాడు చూసుకోవాల్సి వస్తోంది. ఇంట్లోవాళ్లు తాంబూలాలు మార్చుకుందామంటున్నారు. ఆయనకి ఇష్టం తగ్గిందా?

జవాబు: ఇష్టం సంగతి తేల్చే ముందు గడియారం చూడండి. అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అంతకుముందు మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర గంటలు, ఆ రోజు నుంచి పదకొండున్నర. మన గడియారం కదలదు గనక ఇక్కడున్నవాళ్లకి ఆ మార్పు తెలియదు. అక్టోబరులో మీ పొద్దున ఎనిమిదంటే ఆయనకి రాత్రి తొమ్మిదిన్నర, భోజనం ముగించి తీరిగ్గా కూర్చునే వేళ. ఇప్పుడు మీ ఎనిమిది ఆయనకి ఎనిమిదిన్నర. ఒంటరిగా వండుకునే మనిషైతే కూర ఇంకా పొయ్యి మీదే ఉంటుంది. ఆయనకి తొమ్మిదిన్నర అయ్యేసరికి మీకు తొమ్మిది, మీరు ఆఫీసు దారిలో ఉంటారు.

మెసేజ్‌ల ఆలస్యం కూడా అలాంటిదే కావచ్చు. మీరు మధ్యాహ్నం రెండింటికి పెడితే అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. లేచాక చూసినా ఆఫీసు హడావిడిలో పడి మధ్యాహ్నం భోజనం దగ్గర, పన్నెండున్నరకి జవాబిస్తాడు. అప్పుడిక్కడ రాత్రి పన్నెండు, మీరు నిద్రలో ఉంటారు. పొద్దున లేచి చూసి "మర్నాటికి గానీ జవాబివ్వలేదు" అనుకుంటారు. ఆయన లెక్కలో అది అదే రోజు ఇచ్చిన జవాబు.

కాబట్టి రోజువారీ ఫోన్ మానేసి వారానికి రెండు ఖాయం చేసుకోండి. మీకు శనివారం పొద్దున తొమ్మిది, అంటే ఆయనకి శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర. మీకు ఆదివారం రాత్రి ఎనిమిది, ఆయనకి అదే ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. వారం పేరు ఇద్దరిదీ రాసుకోండి. "శుక్రవారం రాత్రి" అని ఊరికే అనుకుంటే మీరు ఒక పూట ముందే ఎదురుచూసి అలుగుతారు. మధ్య రోజుల్లో వాయిస్ మెసేజ్‌లు చాలు, వెంటనే జవాబివ్వాలన్న పట్టు ఇద్దరికీ వద్దు. మార్చి రెండో ఆదివారం తేడా మళ్లీ పదిన్నరకి వస్తుంది. అప్పుడు ఎవరి గడియారం ప్రకారం నిలబెట్టుకోవాలో ఇప్పుడే మాట్లాడుకోండి. ఫోన్ క్లాక్‌లో డాలస్ పేరు చేర్చుకుంటే ఈ కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు.

ఇలా నాలుగు వారాలు, అంటే ఎనిమిది ఫోన్లు చూడండి. ఒకటో రెండో తప్పడం సహజం. నేను గమనించమనేది తప్పిన తర్వాత ఏం జరుగుతుందన్నది. "రేపు పొద్దున కుదురుతుందా" అని ఆయనే ఇంకో వేళ అడిగితే గొడవ గడియారంతోనే. వేళ మార్చమని ప్రతిసారీ మీరే అడగాల్సి వస్తే, వారాంతాల్లో కూడా జవాబు లేకపోతే, అప్పుడు మీ అనుమానానికి ఆధారం ఉన్నట్టే. అలాంటప్పుడు నేరుగా అడిగేయండి, పెద్దవాళ్ల ద్వారా కబురు పంపకండి.

తాంబూలాల తొందర విషయంలో మాత్రం నాకు ఫోన్లకంటే పెద్ద బెంగ ఉంది. పెళ్లయ్యాక మీ ఉద్యోగం ఏమవుతుందో మాట్లాడుకున్నారా? "వచ్చాక చూసుకోవచ్చు" అన్న మాట చాలా సంబంధాల్లో తర్వాత గొడవవుతుంది. ఆయన హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటే మీరు వెళ్లేది భార్యగా ఇచ్చే హెచ్-4 మీద, దానితో నేరుగా ఉద్యోగం చేయలేరు. గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసే ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆ గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా ఆయన హెచ్-1బీ ఆరేళ్లు దాటి పొడిగించి ఉండాలి. అప్పుడే మీరు పని అనుమతికి దరఖాస్తు పెట్టగలరు, ఆ అనుమతి కార్డు చేతికొచ్చేదాకా ఉద్యోగంలో చేరకుండా ఆగాలి. ఆయన ఇంకా చదువు తర్వాత విద్యార్థి వీసా మీదే కొన్నాళ్లు పనిచేయనిచ్చే ఓపీటీలోనే ఉంటే మీకు వచ్చేది ఎఫ్-2, దాని మీద ఉద్యోగం కుదరనే కుదరదు.

అందుకని ఒక ఆదివారం ఫోన్ దీనికే పెట్టుకోండి. "మీరు ఏ వీసా మీద ఉన్నారు? ఐ-140 అయిందా? కాకపోతే నేను ఎన్నాళ్లు ఇంట్లో ఉండాల్సి రావచ్చు?" అని అడగండి. అయిందంటే ఆమోదం నోటీసు చూపించమనడం మర్యాద తప్పడమేమీ కాదు, జాతకం అడిగే ఇళ్లలో ఈ కాగితం అడగడానికి మొహమాటమెందుకు? ఇంట్లోవాళ్లకి ఆ ఫోన్ అయ్యేదాకా ఆగమని చెప్పండి. ఆయన సెలవు మీద ఎప్పుడు వస్తారో తెలిస్తే, తాంబూలాలు ఆ రాకలో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాకే పెట్టుకోండి.