చేతులెత్తి, ఆ తర్వాత పోల్ పెడితే మినిట్స్‌లో ఏ అంకెలు రాయాలి?

"మా కంపెనీ మీటింగ్‌లో ముందు చేతులెత్తించారు. తర్వాత ఒకాయన పోల్ కావాలన్నాడు, పోల్ పెట్టారు. మినిట్స్‌లో ఏది రాయాలి? రెండు లెక్కలూ వేయాలా?"

పోల్ అంటే షేర్ల లెక్కన వేసే ఓటింగ్, దాని ఫలితమే మీటింగ్ నిర్ణయం అండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 109 చెప్పేది అదే. చేతుల లెక్క నిర్ణయంగా కనిపించేలా రాయకండి. నేను ఒకసారి అలా రాసి బాగా ఇబ్బంది పడ్డాను.

కోవూరు దగ్గర ఒక చిన్న ప్రైవేట్ కంపెనీకి లెక్కలు చూసేవాడిని. మొత్తం లక్ష షేర్లు. కంపెనీ సొంత నియమావళి అయిన ఆర్టికల్స్ మార్చడానికి స్పెషల్ రిజల్యూషన్ పెట్టారు. చేతులెత్తితే 9 మంది అనుకూలం, 5 గురు వ్యతిరేకం. చేతులెత్తేటప్పుడు ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్కటే ఓటు, సభ్యుడి బదులు వచ్చిన ప్రాక్సీకి ఓటు లేదు. స్పెషల్ రిజల్యూషన్‌కు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూలం ఉండాలి, అంటే 15 కావాలి. నెగ్గలేదు.

చైర్మన్ ఫలితం చెప్పబోతుండగా 12,000 షేర్లున్న సభ్యుడు పోల్ అడిగారు. ఓటింగ్ బలంలో పదో వంతు ఉన్నవాళ్లు అడిగితే పెట్టాల్సిందే. ఫలితం ప్రకటించక ముందు గానీ, ప్రకటించినప్పుడే గానీ అడగాలి. అందుకే అడిగిన సందర్భం మినిట్స్‌లో ఉండి తీరాలి.

పోల్‌లో షేరుకో ఓటు, ప్రాక్సీలూ వేశారు. అనుకూలం 62,000, వ్యతిరేకం 18,000. 2,000 షేర్ల కాగితం ఒకదానిపై ఏ గుర్తూ లేదు, చెల్లలేదు. 18,000 కి మూడు రెట్లు 54,000 కాబట్టి తీర్మానం నెగ్గింది. శాతం చెల్లిన 80,000 మీదే కట్టాలి: 77.5, 22.5. చెల్లనివి కలిపితే లెక్క తప్పుతుంది.

నేను తొందరలో "చేతులెత్తి 62,000 – 18,000 తో ఆమోదించారు" అని రాశాను. చేతులెత్తితే వేలల్లో ఓట్లు రావు కదా! లోన్ ఫైల్ చూసిన బ్యాంకు లాయరు దాన్ని వెంటనే వెనక్కి పంపారు. నెల రోజుల టెన్షన్.

మీరు ఇలా రాయండి: "చేతులెత్తే పద్ధతిలో ఓటింగ్ జరిగింది. ఫలితం ప్రకటించక ముందే 12,000 షేర్ల సభ్యుడు పోల్ కోరారు. చైర్మన్ అంగీకరించి ఫలానా వారిని స్క్రూటినైజర్‌గా నియమించారు. పోల్‌లో అనుకూలం 62,000 (77.5%), వ్యతిరేకం 18,000 (22.5%), చెల్లనివి 2,000. స్పెషల్ రిజల్యూషన్ కావలసిన మెజారిటీతో ఆమోదం పొందింది."

ఈ అంకెలు, ఓట్లు పరిశీలించి లెక్కపెట్టే స్క్రూటినైజర్ ఇచ్చే MGT-13 రిపోర్టుతో ఒక్క ఓటు కూడా తేడా లేకుండా సరిపోవాలి. పోల్ వేరే రోజు జరిగితే ఆ తేదీ వేయండి. చాలా పోల్స్ 48 గంటల్లోపు పెట్టుకోవచ్చు గానీ వాయిదా, చైర్మన్ ఎన్నిక మీద అడిగితే అక్కడికక్కడే పెట్టాలి.

పోల్ ఎవరూ అడగకపోతే చేతుల సంఖ్య అక్కర్లేదు. చైర్మన్ ప్రకటన, అది మినిట్స్‌లో ఎక్కడం చాలు. మీది ప్రైవేట్ కంపెనీ అయితే ముందు మీ ఆర్టికల్స్ తీసి చూడండి, ఓటింగ్ గురించి అందులో వేరే నియమం పెట్టుకుని ఉండవచ్చు.