మోకాలి నొప్పి వస్తే ముందు దూకడం కాదు, దిగడం చూడండి

“మా బాబుకి 14 ఏళ్లు, లాంగ్ జంప్ చేస్తాడు. రోజూ 60 సెం.మీ. బాక్స్ మీద నుంచి 100 సార్లు దూకిస్తున్నా. మోకాలి కింద నొప్పి అంటున్నాడు. ఏం చేయాలి?”

ముందు దూకించడం ఆపేయండి సార్. మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె నొక్కితే నొప్పి ఉంటే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. ఎదిగే వయసులో స్నాయువు అక్కడి ఎముకను లాగుతుంటుంది, రోజూ దూకితే అది తేరుకోదు.

నొప్పి పూర్తిగా తగ్గాక 15 సెం.మీ. బాక్స్‌తో మొదలుపెట్టండి. కింద నుంచి పైకి ఎగిరి, మెత్తగా దిగి, 2 సెకన్లు కదలకుండా నిలబడాలి. కిందికి మాత్రం నడిచే దిగాలి. ఎదురుగా నిలబడి ఫోన్‌లో వీడియో తీయండి. మోకాళ్లు లోపలికి వాలకుండా పాదాల వేళ్ల వైపే ఉండాలి, పిరుదులు కాస్త వెనక్కి వెళ్లాలి. ‘ధబ్’మని చప్పుడొస్తే కాళ్లు బిగుసుకుపోయాయనే అర్థం. నాకు వీడియో కన్నా ఆ చప్పుడే ముందు చెబుతుంది.

వారానికి రెండే రోజులు, మధ్యలో రెండు రోజులు విరామం. పాదం నేలను తాకే ప్రతిసారీ లెక్కే: రోజుకి 40 చాలు, పిట్‌లో చేసే జంప్‌లు కూడా అందులోనే. నెలపాటు నిశ్శబ్దంగా దిగగలిగితేనే 30 సెం.మీ.కి వెళ్లండి. 60 జోలికి ఇప్పట్లో వద్దు.