1440పీకి మారాక గేమ్ ఆగి ఆగి నడుస్తోంది: 8 జీబీ కార్డు

"ఆర్‌టీఎక్స్ 4060, 8 జీబీ. ఫుల్ హెచ్‌డీలో బాగానే ఆడింది. 1440పీ మానిటర్ కొన్నాక కెమెరా తిప్పితే చాలు, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. సెట్టింగ్స్ అన్నీ అల్ట్రా. కార్డు మార్చాలా?"

కార్డు మెమరీ నిండి, మిగతాది సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగుతున్నట్టుంది. కార్డు సొంత మెమరీ సెకనుకు 272 జీబీ అందిస్తుంది. ర్యామ్ నుంచి రావాలంటే పీసీఐఈ దారిలో సుమారు 16 జీబీయే, పాత 3.0 బోర్డులో అందులో సగం. ఆ ఎదురుచూపే మీకు కనిపించే ఆగుడు.

1. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో Performance, GPU తెరవండి. `Dedicated GPU memory` 8 దగ్గర నిలిచి, `Shared GPU memory` పెరుగుతూ పోతుంటే కారణం ఇదే.

2. చాలామంది ఇక్కడే పొరబడతారు: రిజల్యూషన్ తగ్గిస్తారు, డీఎల్ఎస్ఎస్ పెడతారు, టెక్స్చర్లను మాత్రం అల్ట్రాలోనే వదిలేస్తారు. 1440పీలో ఒక్క ఫ్రేమ్ బొమ్మ సుమారు 15 ఎంబీ, ఫుల్ హెచ్‌డీలో 8. అలాంటి బఫర్లు చాలానే ఉన్నా, మెమరీని ఎక్కువగా తినేవి సాధారణంగా టెక్స్చర్లే. ముందు వాటిని ఒక మెట్టు దించి హై చేయండి. తర్వాత గేమ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. కొన్ని గేమ్‌లు అప్పటిదాకా పాత టెక్స్చర్లను వదలవు.

3. ఇంకా నిండుతుంటే రే ట్రేసింగ్, ఫ్రేమ్ జనరేషన్ ఆపండి. రెండూ అదనంగా మెమరీ అడుగుతాయి.

ఇవన్నీ చేశాక కూడా Shared పెరుగుతూనే ఉంటే, అప్పుడు 12 లేదా 16 జీబీ కార్డు చూడండి. 4కేలో అల్ట్రా టెక్స్చర్లు కావాలంటే నేరుగా 16 జీబీకే వెళ్లండి.