బుజ్జిదాని ఒరుపు ఫోటోలు చూశాక, పెద్దమ్మ రాస్తున్నది

చిన్నీ,

ఫోటోలు చూశాను. ఎరుపు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నదే నేను ముందు చూస్తాను. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసిన రోజుల నుంచీ అదే అలవాటు.

మామూలు డైపర్ ర్యాష్ తడి, మలమూత్రాలు, డైపర్ రాపిడి వల్ల వస్తుంది. అందుకే పిర్రల మీద, తొడల లోపలి వైపు, పొత్తికడుపు కింద కనిపిస్తుంది. గజ్జల మడతల లోపల చర్మం చాలావరకు బాగానే ఉంటుంది. ఫంగస్ మాత్రం చెమ్మ నిలిచే ఆ మడతల్లోకే దిగుతుంది. ముదురు ఎరుపు, తేలిగ్గా గుర్తుపట్టగల అంచు, ఆ అంచు దాటాక విడివిడిగా చిన్న ఎర్ర పొక్కులు. ఆ విడి పొక్కులే నాకు పెద్ద గుర్తు. చామనఛాయ పిల్లల్లో ఎరుపు ఊదాగానో ముదురు గోధుమరంగుగానో కనిపిస్తుంది కాబట్టి రంగును నమ్ముకోకు.

నువ్వు శుక్రవారం పంపిన ఫోటోలో మడతలు శుభ్రంగానే ఉన్నాయి. నిన్నటి దాంట్లో గజ్జ లోపలంతా కందిపోయి, తొడ మీదికి పొక్కులు పాకాయి. మధ్యలో చెవి నొప్పికి యాంటీబయాటిక్ సిరప్ పట్టావు, విరేచనాలూ అయ్యాయి. జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాస్తున్నా తగ్గలేదంటున్నావు. ఇవన్నీ కలిపి చూస్తే ఫంగస్ అనే నా అనుమానం. బుజ్జిదాని నోట్లో కూడా చూడు. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

అయినా ఫోటోతో తేలనివి ఉన్నాయి. మలద్వారం చుట్టూ మాత్రమే ఎర్రటి వలయం ఉంటే అది బాక్టీరియా కావచ్చు. తల మీద జిడ్డు పొట్టు కూడా ఉంటే వేరే చర్మవ్యాధి కావచ్చు. డాక్టర్ తాకి చూడాల్సిందే. ఆవిడకు చూపించడానికి ఇంకో ఫోటో తియ్యి: క్రీమ్ రాయకముందు, కిటికీ వెలుతురులో, ఫ్లాష్, ఫిల్టర్ లేకుండా. మడతను మెల్లగా విప్పి దగ్గరగా ఒకటి, నడుము నుంచి మోకాళ్ల దాకా కనిపించేలా ఒకటి. ఇంటి గ్రూపులో మాత్రం పెట్టకు తల్లీ.

మెడికల్ షాపులో అడిగి క్రీమ్ తెచ్చుకోకు. ఫంగస్ మందుతో పాటు బెటామెథసోన్, క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు చేతికిస్తారు. రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ అలాగే ఉంటుంది, చర్మం పలచబడుతుంది. డైపర్ కింద ఆ మందు ఒంట్లోకి ఎక్కువగా ఇంకుతుంది కూడా. డాక్టర్ క్లోట్రిమజోల్ లాంటి ఉత్త ఫంగస్ క్రీమ్ రాస్తే, చెప్పినన్ని రోజులూ రాయి. ఎరుపు పోయిందని మధ్యలో ఆపకు. అప్పటిదాకా గోరువెచ్చని నీళ్లతో కడిగి, అద్ది, కాసేపు డైపర్ లేకుండా వదిలెయ్యి. పౌడర్ వద్దు.

జ్వరం, చీము, నీటి బొబ్బలు, పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.

పెద్దమ్మ