పావ్లోవా చేస్తానన్నావట!

బుజ్జీ,

నాన్న పుట్టినరోజుకి కేక్ కొనకుండా, తెల్లసొన నురగని ఓవెన్‌లో పెట్టి చేసే పావ్లోవా నువ్వే చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. ఎనిమిది మందిని పిలిచి, ఇంతవరకూ ఒక్కసారి కూడా చెయ్యనిదాన్ని ఆ రోజే చేస్తావా? ముందొకసారి చేసి చూసుకోకూడదూ? సర్లే, ఆ తెంపరితనం ఎవరి పోలికో నాకు తెలియదా!

నాలుగు గుడ్ల తెల్లసొన, 220 గ్రాముల సన్న పంచదార, రెండు టీస్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక టీస్పూను వెనిగర్. అంతే. గుడ్లు చల్లగా ఉన్నప్పుడు పచ్చసొన వేరు చేసి, తెల్లసొనను ఓ అరగంట బయట ఉంచు. పచ్చసొన చుక్క పడిందా, ఆ గుడ్డు పక్కన పెట్టెయ్. ప్లాస్టిక్ గిన్నె వద్దు, దానికి జిడ్డు అంటుకుని ఉంటుంది. స్టీలు గిన్నె తీసుకుని, లోపల రెండు చుక్కల వెనిగర్‌తో తుడిచి ఆరనివ్వు.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త కాపురంలో మీ పెదనాన్న స్నేహితులు భోజనానికి వస్తుంటే మొదటిసారి నేను ఇది చేశాను. కాగితం మీద రాసి ఇచ్చిన కొలతల్లో వెనిగర్ అని చూసి, తీపి వంటలో వెనిగర్ ఏమిటి, రాసేటప్పుడు పొరపాటు పడి ఉంటారు అనుకున్నాను. కార్న్‌ఫ్లోర్ అంటే సూప్ చిక్కబడ్డానికి వేసేది, గిలకొడితేనే గట్టిపడేదానికి అదెందుకని దాన్నీ వదిలేశాను. ఎంత తెలివో చూడు. ఆ రెండూ లేకుండానే బీటర్ పట్టుకున్నాను. నురగ పొంగింది, పంచదార పోశాను, నిగనిగలాడింది. అక్కడ ఆపాల్సింది. ఇంకాస్త గట్టిపడితే ఇంకా బాగుంటుందని మరో ఐదారు నిమిషాలు తిప్పాను. మెరుపు పోయింది. విరిగిన పాలలాగా పలుకులు పలుకులైంది, గిన్నె అడుగున నీళ్ళు చేరాయి. పారబొయ్యడానికి మనసొప్పక, పల్చగా పళ్ళెమంత వెడల్పున పరిచి ఓవెన్‌లో పెట్టాను. పైగా తగ్గించకుండా 150 డిగ్రీల మీదే ఉంచాను. బయటికి తీస్తే పైన చెమట పట్టినట్టు పాకం బొట్లు, కింద చిన్న మడుగు. మధ్యలో మెత్తదనం అన్నదే లేదు, పై నుంచి కింది దాకా ఎండిపోయింది. ఒకాయన తిని, బిస్కెట్ చాలా బాగుందమ్మా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మీ పెదనాన్న నన్ను ఏడిపించడానికి వాడుతుంటారు.

వెనిగర్ ఎందుకో అప్పుడు తెలుసుకున్నాను. తెల్లసొనలోని మాంసకృత్తులు గిలకొట్టినప్పుడు ముడి విప్పుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని గాలిబుడగల చుట్టూ వలలాగా అల్లుకుంటాయి. ఆ పట్టు మరీ బిగిసిందంటే వల నీటిని బయటికి పిండేస్తుంది. నా గిన్నె అడుగున చేరిన నీళ్ళు అవే. తెల్లసొన సహజంగా క్షారగుణం గలది, గుడ్డు నిలవ ఉన్నకొద్దీ అది పెరుగుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కొంత తగ్గించి, ఆ పట్టు మరీ బిగుసుకోకుండా చూస్తుంది. అంటే నీ చెయ్యి కాస్త ఎక్కువ తిరిగినా నురగ వెంటనే విరిగిపోదు. వెనిగర్ లేకపోతే అంతే కొలత నిమ్మరసం వేసుకో. ముదురు రంగు వెనిగర్ మాత్రం వద్దు, తెలుపు చెడుతుంది. చాలామంది చివర్లో కలుపుతారు కానీ నేను నురగ మొదలవగానే వేసేస్తాను. విరిగేది గిలకొట్టేటప్పుడేగా, కాపలా అప్పుడే ఉండాలి.

కార్న్‌ఫ్లోర్ పని ఓవెన్‌లో మొదలవుతుంది. వేడెక్కేకొద్దీ ఆ పిండి రేణువులు తడిని పీల్చుకుని ఉబ్బుతాయి. మాంసకృత్తుల మధ్య అడ్డం పడి వాటిని గట్టిగా ముడుచుకోనివ్వవు. అందుకే మధ్య భాగం మార్ష్‌మాలోలాగా నిలుస్తుంది, కింద పాకం కారడం తగ్గుతుంది. ఇది లేకుండా మెత్తగా రాదని కాదు, వస్తుంది. కానీ మొదటిసారి చేసేవాళ్ళకి ఆ రెండు స్పూన్లు పెద్ద ఆసరా. పచ్చగా రవ్వరవ్వగా ఉండే మొక్కజొన్న పిండి కాదు సుమా, తెల్లగా మెత్తగా ఉండేది.

ఇంతకీ నాకు బుద్ధి వచ్చిందా? రెండోసారి రెండూ టేబుల్ స్పూన్లతో వేశాను. మంచిదైతే ఎక్కువ వేస్తే ఇంకా మంచిది కదా అని. నోట్లో పిండి పిండిగా తగిలింది, మధ్యలో పుల్లటి వాసన. స్పూను చూసి వెయ్యి తల్లీ.

నురగ మెత్తటి కొసలుగా నిలబడ్డాక పంచదార ఒక్కో స్పూను వెయ్యి, ఒకటి కరిగాకే ఇంకోటి. పది నిమిషాలు పట్టినా తొందరపడకు. రెండు వేళ్ళ మధ్య చిటికెడు నలిపి చూడు. గరుకు తగిలితే పంచదార ఇంకా కరగలేదన్నమాట, అది తరవాత పాకమై కారుతుంది. గరుకు పోయి, బీటర్ ఎత్తితే కొస నిలబడి చివర కాస్త వంగితే, ఆపెయ్. అక్కడ కార్న్‌ఫ్లోర్ జల్లి గరిటెతో కిందికీ పైకీ నెమ్మదిగా కలుపు.

బేకింగ్ పేపర్ మీద 18 సెంటీమీటర్ల వెడల్పున, వేలి పొడవంత ఎత్తుగా దిబ్బలా పెట్టు. ఎత్తు లేకపోతే మెత్తటి మధ్య ఉండదు, నా బిస్కెట్ గుర్తుంచుకో. ఓవెన్ 150కి వేడెక్కించి, లోపల పెట్టగానే 120కి తగ్గించు. ఫ్యాన్ వద్దు. గంటా పావు. ఆ గంటా పావులో తలుపు తియ్యకు, బుజ్జీ. అద్దంలోంచి చూడు. పైన బంగారు బొట్లు కనబడుతుంటే వేడి ఎక్కువైందని అర్థం, పది డిగ్రీలు తగ్గించు. కింద పాకం కారుతుంటే పంచదార కరగలేదనో, సరిగా ఉడకలేదనో అర్థం. మెల్లగా తడితే బోలుగా మోగాలి, కాగితం నుంచి తేలిగ్గా ఊడాలి. ఆ రెండూ చూడటం చల్లారాకే.

ఓవెన్ ఆపేసి, తలుపు కొంచెం తెరిచి ఉండేలా చెక్క గరిటె అడ్డం పెట్టి, పూర్తిగా చల్లారేదాకా అందులోనే వదిలెయ్. హఠాత్తుగా చల్లగాలి తగిలితే పైన గట్టిపడిన పెంకు పగులుతుంది. పగిలినా ఏడవకు, క్రీమ్ కప్పేస్తుంది. ముందురోజు రాత్రి చేసుకుని ఉదయానికి తీసుకుంటే నయం. గాలిలో తేమ ఉంటే మూత బిగించిన డబ్బాలో పెట్టు, లేకపోతే పెంకు జిగురెక్కుతుంది. క్రీమూ పండ్లూ వడ్డించే ముందే వెయ్యి. తియ్యటి పండ్లు కాదు, పుల్లటివి, లేకపోతే రెండు ముద్దలకే మొహం మొత్తుతుంది.

ఇంకొక్కటి. నేనోసారి రాత్రి ఓవెన్‌లో వదిలేసి పడుకున్నాను. పొద్దున్నే మీ అక్క లోపల చూడకుండా ఇంకేదో చెయ్యడానికి 200కి ఆన్ చేసింది. పావుగంటకి వచ్చిన మాడు వాసన ఆ వంటింట్లోంచి వారం పోలేదు. అది తిట్లు తిని ఏడ్చింది, పాపం, తప్పు నాది. అందుకని ఓవెన్ తలుపు మీద “లోపల పావ్లోవా ఉంది” అని పెద్ద అక్షరాలతో రాసి అంటించు. రాత్రి పడుకునే ముందు ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. పంపకపోతే మీ అమ్మకి ఫోన్ చేసి లేపి అడుగుతాను.

నీ పెద్దమ్మ