బట్టీ, అవగాహనల వ్యాసానికి ఒక్క సమీకరణం

చిరంజీవి లక్ష్మికి ఆశీస్సులు.

పాఠ్యప్రణాళిక తరగతికి బట్టీ, అవగాహనల మీద రాయవలసిన వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావు. విజ్ఞానశాస్త్రం మొత్తాన్నీ తలకెత్తుకోకమ్మా. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే సమీకరణాన్ని తుల్యం చేసే పాఠం ఒక్కటే తీసుకుని, అందులో దేన్ని గుర్తుపెట్టుకోవాలో, దేన్ని అర్థం చేసుకోవాలో విడదీసి చూపించు.

ముందు జ్ఞాపకానికి దక్కవలసిన వాటా దక్కనివ్వు. సోడియం సంకేతం Na అన్నది పిల్లవాడు ఆలోచించి కనిపెట్టగలిగేది కాదు, నేర్చుకుని గుర్తుంచుకోవలసిందే. హైడ్రోజన్ సంయోజకత 1, ఆక్సిజన్‌ది 2 అని నోటికి రాని పిల్లవాడు అడుగడుగునా పట్టిక వెతుక్కుంటూ ఉంటే, పరమాణువులు లెక్కపెట్టడం మీద వాడి మనసు నిలవదు. బట్టీ పద్ధతుల నుంచి చదువును మళ్లించాలన్నది 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రపు మార్గదర్శక సూత్రాలలో ఒకటి. దాన్ని ప్రస్తావించేటప్పుడు జ్ఞాపకమే అక్కరలేదన్న అర్థం రాకుండా చూసుకో.

ఇక బట్టీ ఎక్కడ దెబ్బతింటుందో నిదానంగా రాయి. H₂ + O₂ → H₂O అని ఇస్తే, ఎడమవైపు ఆక్సిజన్ పరమాణువులు రెండు, కుడివైపు ఒకటే ఉన్నాయని గమనించిన పిల్లవాడు కుడివైపు H₂O₂ అని దిద్దేస్తాడు. లెక్క సరిపోయింది గానీ అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. "రెండు వైపులా సమానం కావాలి" అన్న నియమం వాడికి వచ్చు. ఫార్ములాలోని అంకె మారితే పదార్థమే మారిపోతుందని తెలియదు.

2H₂ + O₂ → 2H₂O అని సరిగ్గా రాసినవాడికి కూడా అర్థమైందని అప్పుడే తీర్మానించవద్దు. 2H₂కు బొమ్మ గీయమంటే జంట సున్నాలు రెండు విడివిడిగా గీయాలి. నాలుగు సున్నాలను ఒకే గొలుసుగా కలిపితే, ముందున్న 2కూ కిందున్న 2కూ తేడా తెలియలేదన్నమాట. ఆపైన, నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు ఇస్తే చివరికి ఏం మిగులుతుందని అడగాలి. రెండు నీటి అణువులు ఏర్పడి, రెండు హైడ్రోజన్ అణువులు మిగులుతాయని చెప్పగలిగితే వాడికి నిజంగా అర్థమైనట్టు.

అవగాహనకున్న హద్దులు కూడా దాచకు. నిండు తరగతిలో ఒక్కొక్కరి బొమ్మా చూడడానికి ఒక పీరియడ్ చాలదు. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని చక్కగా వివరించగలిగే పిల్లలు సైతం అభ్యాసం లేకపోతే పెద్ద సమీకరణం దగ్గర ఆగిపోతారు.

నా అభిప్రాయం అడిగితే, కొన్ని సంకేతాలు, సంయోజకతలు ముందే కంఠస్థం చేయించి, వెంటనే బొమ్మలు గీయించి, విస్తారమైన అభ్యాసం ఆ తరువాత పెట్టాలంటాను. అయితే ప్రశ్నపత్రం "తుల్యం చేయుము" దగ్గరే ఆగిపోయినంత కాలం, సిలబస్ తరుముతున్న ఉపాధ్యాయుడు బొమ్మల జోలికి పోడు. అందుచేత నీ వ్యాసంలో ఆ నాలుగు అణువుల ప్రశ్నను పరీక్షలో అడగదగినదిగా, మార్కుల విభజనతో సహా రాసి చూపించు.

మీ పెదనాన్న